ఎజెండాలో చోటు కోరే లేఖ: అధ్యక్షులు ఏం చూస్తారు, ఏ కారణాలు నిలుస్తాయి

"కమిటీకి లేఖ రాసి నెలలు గడిచాయి, నా విషయం ఎజెండాలోకే రాలేదు" అనే ఫిర్యాదు దాదాపు ప్రతి సంఘంలోనూ వినిపిస్తుంది. అధ్యక్షులను అడిగితే మరో మాట చెబుతారు: "లేఖ అందింది, కానీ సమావేశం ముందు ఏ ప్రశ్న పెట్టాలో అందులో లేదు." చాలా సందర్భాల్లో ఇద్దరి మాటా నిజమే. రాసిన వారు తమ వాదన ఎంత న్యాయమైనదో చెప్పుకుంటూ పోతారు. చదివే వారు వెతికేది వేరు: ఇది ఈ కమిటీ తేల్చాల్సిన విషయమేనా, వచ్చే సమావేశంలోనే తేల్చాలా, తేల్చడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకని లేఖ ఎంత ఆవేదనతో రాసినా ఫైలులో మిగిలిపోతుంది.

ఎజెండాకు అంత పట్టు ఎందుకు

సమావేశంలో ఏయే అంశాలు, ఏ వరుసలో చర్చకు వస్తాయో చెప్పే జాబితాయే ఎజెండా. సమావేశపు తేదీ, సమయం, స్థలం తెలిపే నోటీసుతో పాటు సాధారణంగా దీన్నీ పంపుతారు. ఎంత ముందుగా పంపాలో సంఘం నియమావళి చెబుతుంది. "ఏడు పూర్తి రోజులు" అని ఉంటే నోటీసు పంపిన రోజునూ, సమావేశం జరిగే రోజునూ వదిలేసి, మధ్యలో ఏడు రోజులు ఉండాలని మామూలుగా దాని అర్థం.

ఈ ఏర్పాటు ముఖ్యంగా సమావేశానికి రాని సభ్యుడి కోసం. ఏ విషయాలు వస్తున్నాయో ముందే తెలిస్తే, రావాలో వద్దో అతను ఆలోచించుకుని నిర్ణయించుకుంటాడు. జాబితాలో లేని పెద్ద విషయాన్ని ఆ రోజే పైకి తెచ్చి తీర్మానం చేసేస్తే అతని హక్కు పోయినట్టే. అలాంటి తీర్మానాలపై అభ్యంతరాలు రావడానికి ప్రధాన కారణం ఇదే.

ఇంకొక కోణం కూడా ఉంది. అధికారం అంటే నిర్ణయాలు తీసుకోవడం ఒక్కటే కాదనీ, కొన్ని విషయాలు అసలు చర్చకే రాకుండా చూడగలగడం కూడా అధికారమేననీ 1962లో పీటర్ బాక్రాక్, మోర్టన్ బరాట్జ్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు వాదించారు. చిన్న కమిటీలకూ ఈ మాట వర్తిస్తుంది. ఓటింగులో ఓడిపోయిన ప్రతిపాదన కనీసం మినిట్స్‌లోనైనా కనిపిస్తుంది. ఎజెండాలోకే రానిది ఎక్కడా కనిపించదు. అందుకే ఈ లేఖను మామూలు అర్జీలా చూడలేం.

ఒక లేఖలో రెండు కోరికలు

"ఈ విషయం చర్చకు పెట్టండి" అనేది ఒక కోరిక. "ఈ విషయంలో ఇలా నిర్ణయించండి" అనేది మరొకటి. మొదటిది అధ్యక్షుల చేతిలో ఉంటుంది, రెండోది కమిటీ మొత్తం చేతిలో ఉంటుంది. లేఖ వెళ్లేది అధ్యక్షులకు కాబట్టి అందులోని కారణాలు మొదటి కోరికను నిలబెట్టాలి. రెండో దాన్ని సమర్థించే వివరాలను జతపరచిన నోట్‌లో పెట్టి, సమావేశంలో మాట్లాడవచ్చు.

ఈ రెండూ కలిసిపోతే రాసిన వారికే నష్టం. లేఖ మొత్తం "ఫలానా నిర్ణయమే సరైనది" అని వాదిస్తే, ఆ నిర్ణయంతో ఏకీభవించని అధ్యక్షులు విషయాన్నే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. "నిర్ణయం ఏదైనా కావచ్చు, కానీ ఈ తేదీలోగా కమిటీ ఏదో ఒకటి తేల్చాలి" అని చూపిస్తే, రాసిన వారితో ఏకీభవించని అధ్యక్షులకు కూడా దాన్ని ఎజెండాలో చేర్చడానికి కారణం దొరుకుతుంది.

ఒక ఉదాహరణ: లిఫ్టుల నిర్వహణ ఒప్పందం

నాలుగు లిఫ్టులున్న ఒక నివాస సముదాయాన్ని ఊహించుకుందాం. లిఫ్టుల నిర్వహణ ఒప్పందం మార్చి 31న ముగుస్తుంది. ముగిసే తేదీకి కనీసం 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు అందకపోతే, అది మరో ఏడాదికి దానంతట అదే పొడిగింపు అవుతుందని ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. నిర్వహణ కమిటీ ప్రతి నెలా మూడో శనివారం కూర్చుంటుంది. రాబోయే సమావేశాలు జనవరి 17న, ఫిబ్రవరి 21న. ఎజెండా ఏడు పూర్తి రోజుల ముందు వెళ్లాలి. సభ్యులు చేర్చమని కోరే అంశాలు పది రోజుల ముందు అధ్యక్షులకు అందాలి. లిఫ్టులు తరచూ ఆగిపోతున్నాయి, కాబట్టి ఈ ఒప్పందం మళ్లీ ఏడాది పాటు కొనసాగాలా అన్న ప్రశ్నను కమిటీ ముందు పెట్టాలని ఒక సభ్యుడు అనుకున్నాడు.

ఇప్పుడు తేదీలను వెనక్కి లెక్కపెడదాం. మార్చి 31కి 60 రోజుల ముందు అంటే జనవరి 30. లీపు సంవత్సరమైతే జనవరి 31. నోటీసు ఆ రోజుకల్లా కంపెనీకి చేరాలి. ఫిబ్రవరి సమావేశం నాటికి గడువు దాటిపోయి మూడు వారాలవుతుంది. అంటే ఈ విషయంలో కమిటీ చేతిలో ఉన్న చివరి సమావేశం జనవరి 17దే. దాని ఎజెండా జనవరి 9 లోగా వెళ్లాలి, అప్పుడే 10 నుంచి 16 వరకు ఏడు పూర్తి రోజులు మిగులుతాయి. లేఖ జనవరి 7 లోగా అధ్యక్షులకు అందాలి.

లేఖలోని అతి బలమైన కారణం ఈ లెక్కలోనే దొరికింది. లిఫ్టులు బాగా పని చేస్తున్నాయని నమ్మే సభ్యుడు కూడా దీన్ని కాదనలేడు. కమిటీ ఏమీ చేయకపోతే మౌనమే నిర్ణయమవుతుంది, ఒప్పందం మరో ఏడాది కొనసాగుతుంది. కొనసాగించాలని అనుకుంటే ఆ సంగతి చర్చించి కొనసాగించాలి, గడువు మరిచిపోవడం వల్ల అది జరిగిపోకూడదు. "ఇప్పుడే ఎందుకు" అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు.

కోరికను సమావేశానికి తగ్గట్టు కొలవడం

చాలా లేఖలు ఇక్కడే తడబడతాయి. ఆ సభ్యుడి మనసులో ఉన్నది "కంపెనీని మార్చాలి" అనే మాట. కానీ జనవరి 17న కమిటీ ఆ పని చేయగలదా? వేరే కంపెనీల కొటేషన్లు లేవు, నిబంధనల పోలిక లేదు. "లిఫ్టు కంపెనీ మార్పు" అని అంశం పెడితే "ముందు కొటేషన్లు తెప్పించండి, వచ్చే నెల చూద్దాం" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు సమంజసంగానే వినిపిస్తుంది. కాని వచ్చే నెలకు గడువు ఉండదు.

జనవరిలో కమిటీ నిజంగా తేల్చగలిగింది చిన్నది: పొడిగింపు వద్దని నోటీసు ఇవ్వాలా, కొత్త కొటేషన్లు పిలవాలా? దీనికి కావలసింది ఒప్పందంలోని ఆ ఒక్క నిబంధన, గత ఆరు నెలల లిఫ్టు రిజిస్టరు. రెండూ చేతిలో ఉన్నాయి. అంటే ఈ ప్రశ్న నిర్ణయానికి సిద్ధంగా ఉంది. కంపెనీ ఎంపిక అనే పెద్ద ప్రశ్న కొటేషన్లు వచ్చాక ఫిబ్రవరిలో గానీ మార్చిలో గానీ వస్తుంది.

ఈ చిన్న ప్రశ్నలోనూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని లేఖలోనే చెప్పాలి. నోటీసు ఇచ్చాక మార్చి 31లోగా కొత్త ఒప్పందం కుదరకపోతే ఏప్రిల్ 1 నుంచి లిఫ్టులు నిర్వహణ లేకుండా మిగిలిపోతాయి. వృద్ధులు, రోగులు పై అంతస్తుల్లో ఉండే భవనంలో అది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. అందుకని ప్రస్తుత కంపెనీని కూడా కొటేషన్ ఇవ్వమనడం, అవసరమైతే నెలనెలా తాత్కాలికంగా కొనసాగించే వీలుందేమో ముందే అడగడం వంటి మార్గాలను లేఖలో సూచించాలి. ఎదుటివారు చెప్పబోయే అభ్యంతరాన్ని రాసిన వారే ముందు చెబితే, దాన్ని అడ్డుపెట్టి అంశాన్ని వాయిదా వేయడం కష్టమవుతుంది.

ఆధారాలను జల్లెడ పట్టాలి

రిజిస్టరు ప్రకారం జూలై నుంచి డిసెంబరు వరకు లిఫ్టులు 14 సార్లు ఆగాయి. లేఖలో ఆ అంకె రాయాలని చేయి లాగుతుంది. కానీ వాటిలో మూడు విద్యుత్ పోయినప్పుడు జరిగినవి. ఆ మూడింటినీ కంపెనీ లోపాల్లో కలిపితే, సమావేశంలో రిజిస్టరు తెరిచిన మొదటి సభ్యుడు ఆ సంగతే ఎత్తుతాడు. ఆ తరువాత మిగిలిన పదకొండింటి మీదా అనుమానం వాలుతుంది. కాబట్టి లేఖలో రాయాల్సింది 11. విద్యుత్ కారణంగా ఆగిన మూడింటిని లెక్కలోకి తీసుకోలేదని కూడా రాయాలి.

అంకె ఒక్కటే ఉంటే అది ఎక్కువో తక్కువో ఎవరికీ తెలియదు. దాని పక్కన ఒక కొలమానం ఉండాలి. ఈ ఒప్పందంలో "ఫిర్యాదు అందిన రెండు గంటల్లో టెక్నీషియన్ వస్తారు" అనే హామీ ఉంది. పదకొండు సందర్భాల్లో ఐదుసార్లు టెక్నీషియన్ మరుసటి రోజు వచ్చారు. నాలుగుసార్లు లిఫ్టులో మనుషులు చిక్కుకున్నారు. కంపెనీ మంచిదా చెడ్డదా అన్న అభిప్రాయంతో పని లేకుండా, కంపెనీ ఇచ్చిన మాటతోనే కంపెనీ పనిని కొలిచినట్టు అవుతుంది. "అందరూ విసిగిపోయారు" అనే వాక్యం చేయలేని పని ఈ రెండు అంకెలు చేస్తాయి.

ఎజెండాలో కనిపించే ఆ ఒక్క వాక్యం

లేఖలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా రాయాల్సింది అంశం పేరు. అధ్యక్షులకు నచ్చితే అదే వాక్యం యథాతథంగా ఎజెండాలోకి వెళుతుంది. రాయకుండా వదిలేస్తే కార్యదర్శి తనకు తోచినట్టు "లిఫ్టుల విషయం" అని రాస్తారు. ఆ పేరుతో ఏ తీర్మానమైనా చేయవచ్చా అన్న వివాదం తరువాత మొదలవుతుంది.

"లిఫ్టు కంపెనీ నిర్లక్ష్యంపై చర్యలు" అని రాస్తే నేరం రుజువైనట్టే వినిపిస్తుంది. నిష్పక్షంగా ఉండాల్సిన అధ్యక్షులు దాన్ని అలాగే ప్రచురించలేరు. "లిఫ్టుల నిర్వహణపై చర్చ" అంటే మరీ వదులుగా ఉంటుంది, చర్చ జరుగుతుంది, ఏమీ తేలదు. ఆ అంశం సమాచారం కోసమా, చర్చ కోసమా, నిర్ణయం కోసమా అన్నది కూడా అందులో తెలియాలి. ఈ ఉదాహరణకు సరిపోయే వాక్యం ఇది: "లిఫ్టుల నిర్వహణ ఒప్పందం మార్చి 31 తర్వాత పొడిగింపు కాకుండా నోటీసు ఇవ్వడం, కొటేషన్లు ఆహ్వానించడం (నిర్ణయం కోసం)". రావాలో వద్దో తేల్చుకునే సభ్యుడికి ఇది చాలు. తీర్మానం ఏ హద్దుల్లో ఉంటుందో కూడా ఇందులో తెలుస్తుంది.

లేఖ మొత్తం ఎలా ఉంటుంది

పైన చెప్పినవన్నీ ఒక పేజీలో ఇమిడిపోతాయి:

జనవరి 3

అధ్యక్షులు, నిర్వహణ కమిటీ వారికి,

విషయం: జనవరి 17 సమావేశపు ఎజెండాలో ఒక అంశం చేర్చవలసిందిగా అభ్యర్థన.

ఆర్యా,

కింది అంశాన్ని జనవరి 17న జరిగే సమావేశంలో నిర్ణయం కోసం చేర్చవలసిందిగా కోరుతున్నాను:

"లిఫ్టుల నిర్వహణ ఒప్పందం మార్చి 31 తర్వాత పొడిగింపు కాకుండా నోటీసు ఇవ్వడం, కొటేషన్లు ఆహ్వానించడం."

ప్రస్తుత ఒప్పందం ప్రకారం జనవరి 30 లోగా కంపెనీకి నోటీసు అందకపోతే అది మరో ఏడాదికి పొడిగింపు అవుతుంది. ఫిబ్రవరి సమావేశం 21న ఉన్నందున, ఈ విషయంపై కమిటీ అభిప్రాయం తెలపడానికి జనవరి సమావేశమే చివరి అవకాశం.

జూలై నుంచి డిసెంబరు వరకు, విద్యుత్ అంతరాయాల వల్ల ఆగిన సందర్భాలు మినహాయిస్తే, లిఫ్టులు 11 సార్లు ఆగాయి. నాలుగుసార్లు లోపల మనుషులు చిక్కుకున్నారు. రెండు గంటల్లో టెక్నీషియన్ వస్తారన్న హామీ ఉన్నా ఐదుసార్లు మరుసటి రోజు వచ్చారు.

కొత్త ఒప్పందం సకాలంలో కుదరకపోతే ఏప్రిల్ 1 నుంచి నిర్వహణ ఆగిపోయే ప్రమాదం ఉన్న మాట నిజమే. అందువల్ల ప్రస్తుత కంపెనీనీ కొటేషన్ కోరవచ్చనీ, తాత్కాలిక కొనసాగింపు గురించి ముందే అడగవచ్చనీ సూచిస్తున్నాను. కంపెనీ ఎంపికపై ఈ సమావేశంలో నిర్ణయం కోరడం లేదు. ఏ లిఫ్టు కంపెనీతోనూ నాకు గానీ నా కుటుంబానికి గానీ ఆర్థిక సంబంధం లేదు.

చర్చకు 20 నిమిషాలు సరిపోతాయని భావిస్తున్నాను. ఈ అంశాన్ని చేర్చడం వీలుకాని పక్షంలో కారణాన్ని జనవరి 9 లోగా తెలియజేయగలరు.

జతపరచినవి: ఒప్పందంలోని పొడిగింపు నిబంధన ఉన్న పేజీ, రిజిస్టరు సారాంశం ఒక పేజీ.

ఇట్లు,
కమిటీ సభ్యుడు

ఆర్థిక సంబంధం లేదన్న వాక్యం అనవసరమని కొందరికి అనిపించవచ్చు. కొటేషన్లు పిలవమని కోరే వారి గురించి అందరి మనసులో మెదిలే అనుమానం అదే కాబట్టి, చెప్పేయడమే మేలని నా అభిప్రాయం. సంబంధం నిజంగా ఉంటే అదీ చెప్పాలి. అప్పుడు ఓటింగుకు దూరంగా ఉండాల్సి రావచ్చు, కానీ విషయం చర్చకు రావడానికి అది అడ్డం కాదు.

కమిటీ సభ్యులు కాని వారు రాస్తే దారి కొంచెం మారుతుంది. చాలా నియమావళులు అంశం ప్రతిపాదించే హక్కును సభ్యులకే ఇస్తాయి. అప్పుడు ఒక సభ్యుడు తన పేరుతో ప్రతిపాదించాలి.

కాదనే హక్కు అధ్యక్షులకు ఉందా

దీనిపై రెండు బలమైన వాదనలున్నాయి. సమావేశం రెండు గంటలే ఉంటుందనీ, పరిధిలో లేనివి, అప్పటికే తేలిపోయినవి, సిద్ధంగా లేనివి ఏరివేయకపోతే ముఖ్యమైనవి చివరికి మిగిలిపోతాయనీ ఒక పక్షం అంటుంది. ఎజెండా కూర్చే బాధ్యత అధ్యక్షులకు ఇచ్చిందే అందుకని వారి మాట. రెండో పక్షం వాదన ఏమిటంటే, అధ్యక్షులు సమావేశాన్ని నడిపే వ్యక్తే గాని దాని యజమాని కారు. ఏది చర్చించాలో తేల్చే అంతిమ హక్కు సభ్యులందరిదీ. ఒక్కరి చేతిలో ఆ తాళం పెడితే, వారికి ఇబ్బంది కలిగించే విషయాలు ఎప్పటికీ బయటికి రావు.

నియమావళులు సాధారణంగా ఈ రెండింటి మధ్య ఒక దారి పెడతాయి. మామూలుగా ఎజెండా అధ్యక్షుల విచక్షణకు వదిలి, నిర్ణీత సంఖ్యలో సభ్యులు సంతకాలు చేసి కోరితే అంశం చేర్చడం తప్పనిసరి చేస్తాయి. కొన్నిచోట్ల సమావేశం మొదట్లో ఎజెండాను ఆమోదించేటప్పుడు మార్పు ప్రతిపాదించి ఓటింగు కోరే వీలుంటుంది. కాబట్టి తమ నియమావళి ఏం చెబుతోందో చూడకుండా "హక్కు ఉంది" అనీ "లేదు" అనీ వాదించడంలో ఫలితం లేదు. నాకు మాత్రం కాదనే హక్కు కన్నా, కాదన్నప్పుడు రాతపూర్వకంగా కారణం చెప్పే బాధ్యత ముఖ్యమనిపిస్తుంది. లేఖ చివర తేదీతో సహా కారణం అడిగింది అందుకే. "పరిధిలో లేదు" అంటే ఏ కమిటీకి వెళ్లాలో తెలుస్తుంది, "ఆధారాలు చాలవు" అంటే వాటిని తెచ్చుకోవచ్చు. మౌనంతో ఏమీ చేయలేం.

'ఇతర అంశాలు' అనే పక్కదారి

దాదాపు ప్రతి ఎజెండా చివరా "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అని ఉంటుంది. లేఖ ఆలస్యమైన వారికి "అక్కడ ఎత్తండి" అనే సలహా తరచూ వస్తుంది. చిన్న సమాచారం చెప్పడానికి ఆ చోటు సరిపోతుంది. ఒప్పందానికి నోటీసు ఇవ్వడం లాంటి నిర్ణయానికి సరిపోదు. రాని సభ్యులకు విషయం తెలియదు, వచ్చిన వారి దగ్గర కాగితాలు ఉండవు, అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోయి కోరం కూడా అనుమానంలో పడుతుంది. అలా చేసిన తీర్మానాన్ని తరువాత ఎవరైనా ప్రశ్నిస్తే నోటీసే చెల్లదనే వాదన రావచ్చు.

కోరం ప్రస్తావన ఈ ఉదాహరణలో ఇంకో చిక్కును చూపిస్తుంది. అంశం ఎజెండాలో చేరినా జనవరి 17న తగినంత మంది రాక సమావేశం వాయిదా పడవచ్చు. వారం తరువాత, 24న కూర్చుంటే గడువుకు ఇంకా ఆరు రోజులు ఉంటాయి. నెలాఖరుకు జరిగితే ఏమీ మిగలదు. అందువల్ల లేఖలో ఇంకో వాక్యం చేరిస్తే మంచిది: "సమావేశం వాయిదా పడినట్లయితే జనవరి 24 దాటకుండా తిరిగి ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను." ఆమోదం వచ్చిన రోజే పంపేలా కంపెనీకి ఇవ్వాల్సిన నోటీసు ముసాయిదాను కూడా జతపరిస్తే, తీర్మానం తరువాత కార్యదర్శికి మిగిలేది సంతకం చేయించి, అందినట్టు రసీదు తీసుకోవడమే.